మైదానంలో ఇరవై నాలుగు పూలు

మొదలుపెట్టిన రోజున డ్రిల్లు మాస్టారి చేతిలో ఉన్న సరుకు ఇదీ. మెడలో ఒక విజిల్. ఒక పక్క చర్మం వదులైపోయి, అటు కొడితే దగ్గినట్టు మోగే పెద్ద డ్రమ్ము. ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగు తరగతుల పిల్లలు, తరగతికి తొంభై ఆరుగురు. మూడంతస్తుల బడి ముందు చదునైన మైదానం, రోజూ ఆఖరి పీరియడు, వార్షికోత్సవానికి నెల గడువు. అన్నిటికంటే బరువైనది, తొందరపడి ఇచ్చేసిన మాట ఒకటి.

ఆ మాట ఇవ్వాల్సిన అవసరం ఇలా వచ్చింది. బడి కమిటీ అధ్యక్షుడు లారీలు తిప్పే మనిషి. సరుకు లేకుండా తిరిగే లారీ కంటబడితే ఆయనకు ఆ రోజు అన్నం సహించదు. ఈ ఏడు టైమ్ టేబుల్ చూస్తుంటే డ్రిల్లు పీరియడ్లు ఆయన కంటికి సరిగ్గా అలాంటి ఖాళీ లారీల్లా కనబడ్డాయి. వచ్చే ఏటి నుంచి వాటిని లెక్కలకు ఇచ్చేస్తే బాగుంటుందని పెద్ద మేడమ్‌తో అన్నాడు. పెద్ద మేడమ్ డ్రిల్లు మాస్టారిని గదికి పిలిచి ఆ సంగతి చెప్పింది. డ్రిల్లే లేకపోతే డ్రిల్లు మాస్టారు ఏం చేస్తాడన్న ప్రశ్న ఆవిడ అడగలేదు, ఆయనా అడగలేదు. అది ఇద్దరి మధ్య బల్ల మీద కాగితాల బరువులా కూర్చుంది.

"వార్షికోత్సవానికి ఆయన వస్తారు. ఏదైనా ఘనంగా చేసి చూపించండి. చూశాక కూడా ఆయన అదే మాటంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు," అంది మేడమ్.

ఘనంగా అనగానే మాస్టారి నోరు ఆగలేదు. నాలుగు తరగతుల పిల్లలతో మైదానం నిండా ఒకే ఒక్క పువ్వు విరిసేలా చేస్తానన్నాడు. మేడమ్ ముఖం వెలిగిపోయింది. ఆ వారంలోనే ఆహ్వానపత్రిక అచ్చయింది, అందులో 'మైదానంలో విరిసే మహా పుష్పం' అన్న మాటలు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పడ్డాయి. బయానా పుచ్చుకున్నాక సరుకు లేదంటే కుదరదు.

పువ్వు బొమ్మ గీయడానికి సాయం చేసింది లెక్కల మాస్టారు. గళ్ల కాగితం మీద వృత్తలేఖిని తిప్పుతూ, ఒక్కొక్క గడికి ఒక్కొక్క పిల్లవాడిని చుక్కగా పెడుతూ, ఆయన తన మీద తానే జాలిపడ్డాడు.

"ఇది బాగుంటే మీ పీరియడ్లు మీకే ఉంటాయి. నాకు రావాల్సినవి పోగొట్టుకోవడానికి నేనే బొమ్మ గీస్తున్నాను. ఇంత తెలివితక్కువ బేరం మా వంశంలో ఎవరూ చెయ్యలేదు మాస్టారూ."

"మీకు ఉన్న పీరియడ్లలోనే పిల్లలు కునుకు తీస్తున్నారటగా."

"నిద్రపోయే ముందు రెండు లెక్కలు చేస్తున్నారు. అది చాలదా?"

మైదానమంతా సున్నం చుక్కలు పడ్డాయి. ఇరవై నాలుగు నిలువు వరుసలు, పదహారు అడ్డ వరుసలు. చేతులు బారచాపినా పక్కవాడి వేళ్లు తగలనంత ఎడం. పిల్లవాడికి తన చుక్క తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కొట్లో గిన్నెకు అర ఎలాగో డ్రిల్లులో పిల్లవాడికి చుక్క అలాగ, అంటాడు మాస్టారు. కొట్టు సంగతి ఆయనకు బాగా తెలుసు. అత్తగారికి గిన్నెల కొట్టు ఉంది. బడి అయ్యాక సాయంత్రాలు ఆయన అక్కడే కూర్చుంటాడు.

మొదటి వారంలో చిక్కు మైకుతో వచ్చింది. మాస్టారు మూడో అంతస్తు వరండాలో నిలబడి మైకులో లెక్క చెప్పేవాడు. ముందువాళ్లు చేయి ఎత్తాక ఒక్క క్షణం ఆగి వెనకవాళ్లు ఎత్తేవాళ్లు. ఎంత తిట్టినా అదే వరస. చివరికి ఆయనే దిగి వెళ్లి వెనక వరుసలో నిలబడి విన్నాడు. స్పీకరు ముందు ఉంది, గొంతు ఇంత దూరం నడిచి రావాలి. పైగా ఎదురుగోడకు తగిలి అదే 'ఒకటి' రెండోసారి వినబడుతోంది. పాపం పిల్లలు ఏ ఒకటికి ఎత్తాలో తేల్చుకోలేకపోతున్నారు. మైకు తీసేసి, డ్రమ్మును మోయించి, మైదానం నడిబొడ్డున పెట్టించాడు. ఇప్పుడు చప్పుడు ముందుకూ వెనక్కీ సమానంగా వెళ్తుంది. దెబ్బ వేసేది పదో తరగతి అమ్మాయి, మణికట్టు గట్టిది, తొందర లేని మనిషి. ఎనిమిది దెబ్బలకు ఒక కదలిక. కదలిక మారబోయే ముందు ఏడో దెబ్బ, ఎనిమిదో దెబ్బ వెయ్యదు. ఆ రెండు దెబ్బల నిశ్శబ్దమే హెచ్చరిక.

నోటితో ఇచ్చే ఆజ్ఞల్లోనూ ఇదే సూత్రం. 'లెఫ్ట్' అని సాగదీసి చెప్పాలి, అది పిల్లవాడికి కబురు. కాస్త ఆగి 'టర్న్' అని తెగ్గొట్టాలి, అప్పుడే కాలు కదలాలి. మధ్యలో ఆ విరామం లేకపోతే కబురూ పనీ ఒకేసారి వచ్చి పడతాయి, నాలుగు వందల కాళ్లు నాలుగు వందల మాటలు మాట్లాడతాయి.

రెండు వారాలయ్యేసరికి పువ్వు విరిసింది. పైనుంచి చూస్తే నిజంగానే ఒళ్లు పులకరించేది. మొగ్గగా దగ్గరికి ముడుచుకున్న పిల్లలు డ్రమ్ము మీద ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తూ ఎనిమిది రేకులుగా పరుచుకునేవాళ్లు. పెద్ద మేడమ్ తన రెండో అంతస్తు కిటికీలోంచి చూసి చప్పట్లు కొట్టింది. లెక్కల మాస్టారు వరండాలో నిలబడి, రేకుల కోణాలు తాను గీసినదానికి ఎంతమాత్రం తేడాగా లేవని గర్వపడ్డాడు.

అలాంటి రోజున అత్తగారు వచ్చింది.

ఆవిడ వచ్చింది డ్రిల్లు కోసం కాదు, మనవరాలి కోసం. మాస్టారి కూతురు ఆరో తరగతి. కుడి అంటే ఎడమకు, ఎడమ అంటే కుడికి తిరుగుతుంది కాబట్టి బడంతా దానికి బొంగరం అని పేరు పెట్టింది. మహా పుష్పంలో అది ఆరో వరుసలో ఎక్కడో మధ్యన ఉంది. అక్కడుంటే తన తిరుగుడు ఎవరికీ కనబడదని దానికి మహా సంతోషం. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అత్తగారు కిందనే, వేదిక ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసింది. మాస్టారు గబగబా మెట్లు దిగి వచ్చాడు, మెప్పు కోసం.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుంది అల్లుడుగారూ. ముందు వరుసలో పిల్లల చొక్కాలు తెల్లగా ఉన్నాయి. ఏం సబ్బు వాడుతున్నారో మరి."

"పువ్వు?"

"ఏ పువ్వు?"

మాస్టారు నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ వేళాకోళమాడటం లేదు. ఆవిడ లేచి, కర్ర ఆనుకుని, పక్క కుర్చీ చూపించి కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. పిల్లలు మళ్లీ ఒకసారి చేశారు. ఆయన కంటికి కనబడింది ముందు వరుసలో ఇరవై నాలుగు చొక్కాలు, వాటి సందుల్లో మరికొన్ని చెవులు. పువ్వు లేదు. మొగ్గా లేదు.

"నా మనవరాలు ఎక్కడుంది ఇందులో?" అని అడిగింది అత్తగారు.

"ఆరో వరుసలో."

"మన కొట్లో బానలన్నీ ముందు పెట్టి చెంచాలు వెనక పెడతామా? కొనడానికి వచ్చినవాళ్లు మిద్దె ఎక్కి చూస్తారా?"

ఈ నెలలో సగం మాస్టారు మిద్దె మీద నిలబడి సరుకు సర్దాడు. బొమ్మ గీసినవాడు కాగితాన్ని పైనుంచి చూశాడు, మేడమ్ కిటికీలోంచి చూసింది. కింద కుర్చీలో కూర్చుని చూసింది ఒక్క అత్తగారే, రేపు వచ్చే తల్లిదండ్రులూ అధ్యక్షుడూ కూర్చునేది ఆ కుర్చీల్లోనే.

ఆ సాయంత్రం గిన్నెల కొట్లో ఆయన బేరాలేమీ చూడలేదు. మెట్లమెట్లుగా కట్టిన అర వంకే చూస్తూ కూర్చున్నాడు. కింది మెట్టు మీద గ్లాసులు, పైన చెంబులు, ఆ పైన గిన్నెలు, వెనగ్గా నిలువెత్తు బిందెలు. ఒక్కొక్క వరుసా ముందు వరుస సందుల్లోంచి తొంగిచూసేలా జరిపి పెట్టి ఉంది. వచ్చినవాళ్లెవరూ అరను మొత్తంగా మెచ్చుకోరు. ఒకావిడ వస్తుంది, తనకు కావలసిన ఒక్క గిన్నె కోసం కళ్లతో వెతుకుతుంది, అది కనబడగానే ముఖం మారుతుంది. తల్లులూ అంతే. నాలుగు వందల మంది చేసే పువ్వు కోసం ఎవరూ రారు. ఎవరి పిల్లను వాళ్లు చూసుకోవడానికి వస్తారు. తను సరుకంతా టోకున ఒకే మూటగా కట్టి నట్టింట్లో పడేశాడు. విప్పి చిల్లరగా పెట్టాలి.

గడువులో సగం ఖర్చయిపోయింది. మిగిలిన సగంతో కొత్త సరుకు తయారవ్వాలి. అయినా ముందు ఒప్పించాల్సింది పెద్ద మేడమ్‌ను. అచ్చయిన ఆహ్వానపత్రిక ఆవిడ బల్ల అద్దం కింద ఉంది. వాదించి లాభం లేదని ఆయనకు తెలుసు. మర్నాడు ఆఖరి పీరియడుకు ముందు వెళ్లి, ఒక్కసారి కిందికి వచ్చి కుర్చీలో కూర్చోమని మాత్రం అడిగాడు. ఆవిడ వచ్చింది, కూర్చుంది. డ్రమ్ము మోగింది. పిల్లలు ముడుచుకున్నారు, పరుచుకున్నారు, నిలబడ్డారు.

మేడమ్ కళ్లజోడు సవరించుకుంది. "ఎప్పుడు మొదలవుతుంది?"

"అయిపోయింది మేడమ్."

ఆవిడ మెల్లగా, పత్రికలో పువ్వు అని వేశాం కదా అంది. పువ్వు ఉంటుందని, ఒకటికి బదులు ఇరవై నాలుగు ఇస్తానని మాస్టారు చెప్పాడు. ఎక్కువ ఇస్తానంటే కాదనేవాళ్లు ఉండరు. ఆవిడా కాదనలేదు.

కొత్త లెక్క ఇదీ. నాలుగు తరగతులు ఒకదాని వెనక ఒకటి నాలుగు దళాలు. ఒక్కొక్క దళంలో నాలుగు అడ్డ వరుసలు. రెండో వరుస, నాలుగో వరుస చుక్కల్ని రెండు చుక్కల మధ్య ఎడంలో సగం మేర పక్కకు జరిపించి మళ్లీ సున్నం పోశాడు, ముందువాళ్ల సందుల్లో వెనకవాళ్ల ముఖాలు పడేటట్టు. ముందున్న దళంలో రెండు వరుసలు మోకాళ్ల మీద, రెండు వరుసలు నిలబడి. అలా ఎంతమంది ఉంటే అన్ని ముఖాలూ కుర్చీలోంచి కనబడతాయి. ఆరో తరగతికి రంగు రుమాళ్లు, ఏడుకు చెక్క డంబెల్స్, ఎనిమిదికి వలయాలు, తొమ్మిదికి జెండాలు. ముందున్నవాళ్లు తమ వంతు ఆడుతుంటే వెనక మూడు దళాలూ అదే లెక్కకు చేతులు మాత్రం ఆడిస్తాయి.

వంతు అయ్యాక ముందు దళం నడి మధ్యకు చీలుతుంది. ఎడమ సగం ఎడమకు, కుడి సగం కుడికి తిరిగి, మైదానం అంచుల వెంట నడిచి, చుట్టూ తిరిగి వెనక చేరుతుంది. అది పక్కకు తప్పుకోగానే మిగిలిన మూడు దళాలూ నాలుగు చుక్కలు ముందుకు జరుగుతాయి, రెండో దళం ముందుకొస్తుంది. వెనక్కి వెళ్లేవాళ్లు చేరేలోపు ముందువాళ్లు ఆట మొదలుపెట్టేస్తారు కాబట్టి ఎవరికీ ఎదురుచూపు ఉండదు. తిరిగి వెళ్లిన దళం తిరగబడి నిలబడుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ముందు వరుస వెనకవుతుంది, కొసన ఉన్నవాళ్లు నడుమకు, నడుమ ఉన్నవాళ్లు కొసకు వస్తారు. ఇది కాగితం మీద అర్థం కాక లెక్కల మాస్టారు అగ్గిపుల్లలు పేర్చి చూసుకున్నాడు. సరేనన్నాక కూడా ఇంకోసారి పేర్చుకున్నాడు.

చివర పువ్వులు. పదహారు మందికి ఒక పువ్వు. లోపల ఆరుగురు నిలబడి చేతులు పైకెత్తుతారు, చుట్టూ పదిమంది మోకాళ్ల మీద రేకులు. డ్రమ్ము మీద రేకులు వెనక్కి వాలి చేతులు విప్పుతాయి. కింద కూర్చున్నవాళ్ల కంటికి ఎత్తూ పల్లమూ ఉంటేనే పువ్వు.

సమయం సంపాదించడం మరో బేరం. ఆఖరి పీరియడులో అందరినీ కలిపి నేర్పితే ఒకరికి చెప్పేలోపు మిగతావాళ్లు ఇసుక తవ్వుతారు. అందుకని మొదట అందరినీ పిలవలేదు. దళానికి నాలుగు మూలలా ఉండే పిల్లల్ని మాత్రం, మొత్తం పదహారుమందిని, మధ్యాహ్నం నీడలో నడిపించాడు. మూలలు సరిగా నడిస్తే మధ్యవాళ్లు వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు. ఆ తరవాత ఉదయం ప్రార్థన అయ్యాక రోజుకొక తరగతి చొప్పున కాసేపు. అందరూ కలిసేది ఆఖరి వారంలోనే. ఎండ తగ్గాకే, మధ్యలో నీళ్లు తాగించే. ఒక కదలిక రెండుసార్లు తప్పు వస్తే మూడోసారి చేయించేవాడు కాదు. కూర్చోబెట్టి, చూపించి, అప్పుడు లేపేవాడు. తప్పును పదిసార్లు చేయిస్తే పిల్లలకు తప్పే గట్టిగా వస్తుందని ఆయన అనుభవం.

కుడి ఎడమల కోసం అందరికీ కుడి చేతికి ఎర్ర రిబ్బన్లు కట్టించాడు. దాంతో బడిలో ఉన్న బొంగరాలన్నీ కుదురుకున్నాయి. సొంత బొంగరం కూడా కుదురుకుంది, కానీ దానికి ఏడుపు మిగిలింది. ఆరో తరగతి మొదటి దళం. పొట్టిదని దాన్ని మొదటి వరుస నడి మధ్యన నిలబెట్టారు.

"నాన్నా, నన్ను వెనక్కి పంపు. అందరూ చూస్తారు," అని రాత్రి అన్నాల దగ్గర బతిమాలింది.

"చూడ్డానికే కదమ్మా వచ్చేది."

"నువ్వు ఎప్పుడైనా తప్పు తిరిగావా?"

"నేను సగం నెల తప్పు తిరిగాను. మీ అమ్మమ్మ పట్టుకుంది," అన్నాడు మాస్టారు. భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

వార్షికోత్సవం రోజున మైదానం అంచుల దాకా కుర్చీలు నిండాయి. అత్తగారు కొట్టు మూసి, మొదటి వరుసలో చోటు కోసం అందరికంటే ముందే వచ్చింది. రావడం రావడం మనవరాలి చేతికి రిబ్బను తనే కట్టింది. ముడి గట్టిగా వేసి, ముద్దుపెట్టి పంపించింది.

అధ్యక్షుడు ఆలస్యంగా వచ్చాడు. ఆ ఆలస్యం బహుమతుల మీద పడింది, బహుమతులు వచ్చి డ్రిల్లు మీద పడ్డాయి. పెద్ద మేడమ్ వేదిక మెట్ల దగ్గరికి వచ్చి, డ్రిల్లుకు అనుకున్న పన్నెండు నిమిషాల్లో ఎనిమిదే మిగిలాయని, చీకటి పడితే ఏమీ కనబడదని, ఒక తరగతిని తీసేయమని మెల్లగా చెప్పింది. అధ్యక్షుడి ఉపన్యాసం అప్పుడే మొదలైంది. అది ఎంతసేపు సాగుతుందో ఆయనకే తెలియదు.

మాస్టారు లెక్క వేసుకున్నాడు. ఒక తరగతిని తీసేస్తే తొంభై ఆరు ఇళ్లు ఉత్త చేతులతో తిరిగి వెళ్తాయి. ఏ తరగతినని తీసేది? ఆటలు కుదిస్తే వెనక్కి వెళ్లే దళం చేరకముందే తరవాతిది బయలుదేరుతుంది, మూల మీద గుద్దుకుంటారు. తీసేయగలిగింది ఒక్కటే ఉంది. గేటు దగ్గర నుంచి డ్రమ్ము మీద కవాతు చేస్తూ లోపలికి రావడానికి నాలుగు నిమిషాలు. చూడముచ్చటగా ఉంటుందని ఎంతో ఇష్టపడి నేర్పిన నాలుగు నిమిషాలవి. ఆయన వాటిని వదిలేసుకున్నాడు.

మూల పిల్లల్ని పిలిచి చెప్పాడు. డ్రమ్ము లేదు, విజిల్ లేదు, అడుగు చప్పుడు కాకూడదు. నా చేయి ఎత్తితే నడవాలి, దించితే చుక్క మీద కూర్చోవాలి. మొదట ఏ దళం వెనక నిలవాలో అది ముందు వెళ్లాలి.

అధ్యక్షుడు వేదిక మీద మాట్లాడుతున్నాడు. కాలం ఎంత విలువైనదో, దాన్ని వృథా చేయడం ఎంత తప్పో వివరిస్తున్నాడు. ఆయన కాగితంలోంచి ఒకసారి తలెత్తినప్పుడు మైదానం వెనక సగం నిండి ఉంది. ఇంకోసారి తలెత్తేసరికి ఎదురుగా, సున్నం గీతల మీద పేర్చినట్టు, నాలుగు తరగతుల పిల్లలు వీపులు నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆయన వంకే చూస్తున్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. ఎవరూ దగ్గలేదు. మాట మధ్యలో ఆయన ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దానికి తల్లిదండ్రులు కూడా గుసగుసలు మానేశారు. అన్ని జతల కళ్లు కాలం గురించి ఏం చెబుతాడా అని ఎదురుచూస్తుంటే ఆయనకు చేతిలో మిగిలిన మూడు పేజీలు బరువనిపించాయి కాబోలు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక పిల్లల్ని చూద్దాం," అని కూర్చున్నాడు.

డ్రమ్ము మోగింది. ఆరో తరగతి రుమాళ్లు లేచాయి. ఆ వెంటనే కుర్చీల్లో కదలిక మొదలైంది. ఒక తల్లి పక్కావిడ భుజం పట్టుకుని అదుగో మావాడంది. ఆవిడ తన పిల్లను చూపించింది. వరుస తరవాత వరుస, కుర్చీల్లో ముఖాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చాయి, కొట్లో వెతుకుతున్న గిన్నె దొరికినవాళ్ల ముఖాల్లా. మాస్టారు పక్కన నిలబడి పిల్లల వంక కంటే ఆ ముఖాల వంకే ఎక్కువ చూశాడు.

అప్పుడు ముందు వరుస నడి మధ్యన ఒక చేయి తప్పుగా లేచింది. మొదటి ఎనిమిదిలో అందరి కుడిచేతులూ పైకి, ఒక్కదానిది ఎడమది. మాస్టారు కళ్లు చికిలించి చూశాడు. అందరి రిబ్బన్లూ కుడి మణికట్టున ఉన్నాయి. బొంగరానికి ఎడమన ఉంది. అత్తగారు ఎదురుగా నిలబడి కట్టింది కదా, తన కుడికి ఎదురుగా ఉన్న చేతికి కట్టేసింది. పిల్ల మాత్రం ఇంతకుముందెన్నడూ లేని ధైర్యంతో, తడబాటు లేకుండా, రిబ్బను చెప్పిన ప్రకారం అన్నీ తిరగేసి చేస్తోంది.

దళం చీలే సమయం వస్తోంది. పిల్ల ఎడమ సగానికి చిట్టచివర, సరిగ్గా చీలిక దగ్గర ఉంది. ఇది కుడికి తిరిగితే ఎవరిని గుద్దుకుంటుందో? రెండు దెబ్బల నిశ్శబ్దం. "లెఫ్ట్ అండ్ రైట్ ఔట్‌వర్డ్... టర్న్!" ఎడమ సగం ఎడమకు తిరిగింది. కుడి సగం కుడికి తిరిగింది. బొంగరం కుడికి తిరిగింది. తిరిగి చూసుకుంటే దాని ముందు కుడి సగంలోని చివరి పిల్ల వీపు ఉంది. వీపు కదిలింది, అదీ కదిలింది. బుద్ధిగా, మోకాళ్లు ఎత్తి, ఆ బారుకు తోకలా నడిచిపోయింది. మూడు వందల ఎనభై నాలుగు మందిలో ఎవరూ ఎవరినీ గుద్దుకోలేదు.

ఏడు వచ్చింది, ఎనిమిది వచ్చింది, తొమ్మిది జెండాలతో వచ్చింది. చివరి ఎనిమిది మీద పిల్లలందరూ మొగ్గలుగా ముడుచుకున్నారు. డ్రమ్ము అమ్మాయి రెండు దెబ్బలు మింగేసి మూడోది వేసింది. ఇరవై నాలుగు పూలూ ఒక్కసారి విచ్చుకున్నాయి. కుర్చీలు ఖాళీ అయ్యాయి, జనమంతా లేచి నిలబడ్డారు. అత్తగారు కూడా కర్ర లేకుండానే లేచిందని తరవాత భార్య చెప్పింది.

వెలుతురు ఇంకా కాస్త మిగిలే ఉంది. అధ్యక్షుడు వేదిక దిగి వచ్చి డ్రిల్లు మాస్టారి కోసం అడిగాడు. మాస్టారు విజిల్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పూలు బాగున్నాయన్నాడాయన, కానీ ఆయన మనసు పూల మీద లేదు.

"నేను ముప్పై ఏళ్లుగా ఉపన్యాసాలు ఇస్తున్నాను. ఇంత నిశ్శబ్దంగా ఎవరూ వినలేదు. అంతమంది చప్పుడు లేకుండా వచ్చి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారే, అది ఏ పీరియడులో నేర్పారు?"

"డ్రిల్లు పీరియడులోనండీ."

అధ్యక్షుడు పెద్ద మేడమ్ వంక తిరిగాడు. "మా డ్రైవర్లు లారీలు షెడ్డులో పెట్టేటప్పుడు రోజూ పోట్లాడుకుంటారు. దీన్ని తీసేద్దామన్నది ఎవరు?"

మీరేనని అనడానికి మేడమ్ అంత తెలివి తక్కువ మనిషి కాదు. పీరియడ్లు ఎప్పటిలాగే ఉంటాయని రాసుకుంటానంది. పక్కనే ఉన్న లెక్కల మాస్టారు నిట్టూర్చి, తను గీసిన మహా పుష్పం బొమ్మను ఏం చెయ్యాలని అడిగాడు. తరవాత గొంతు తగ్గించి, కుడి కొసన పువ్వులో ఒక రేకు ఎక్కువుందని, ఎడమ కొసన ఒకటి తక్కువుందని, అది తను తప్ప ఎవరూ చూడలేదని చెప్పాడు.

తను తప్ప అన్నది తప్పు, డ్రిల్లు మాస్టారూ చూశాడు. బొంగరం రుమాలు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఒక్కటి కూడా తప్పు చెయ్యలేదు నాన్నా అంది. అత్తగారు దాన్ని పొట్టకు హత్తుకుని, నడి మధ్యన మెరిసిపోయావే తల్లీ, అందరిలో నువ్వొక్కదానివే తేలిగ్గా దొరికావు అంది. రిబ్బను సంగతి ఆవిడకు చెప్పాలా అని మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి మానుకున్నాడు.

రాత్రి కొట్టు తాళం వేస్తూ ఆయన లెక్క చూసుకున్నాడు. పోయినవి, గేటు నుంచి వచ్చే కవాతు, ఆహ్వానపత్రికలో అచ్చయిన ఒక మహా పుష్పం, రెండు రోజులకు సరిపడా గొంతు. వచ్చినవి, వారానికి ఉన్న డ్రిల్లు పీరియడ్లన్నీ, డ్రమ్ముకు కొత్త చర్మం వేయిస్తానన్న అధ్యక్షుడి మాట, పిల్లలంతా కుర్చీలోంచి కనబడే మైదానం. పూలు ఇరవై నాలుగు. ఒకదానికి రేకులు తొమ్మిది, ఒకదానికి పదకొండు, మిగతావాటికి పదేసి. మొత్తం కూడితే సరిపోయింది.